బొమ్మల చీటీలో ఐదో నీడ

జగిత్యాలలో మా సారు పిల్లల కోసం నెలకో కథల పుస్తకం తెచ్చేవారు. హెడ్మాస్టరుగా రిటైరయ్యాక మొదలుపెట్టిన పని అది. ఆయన ఇంటి ముందుగదే ఆఫీసు. నేను ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెప్పేదాన్ని. బడి అయ్యాక సారు ఇంటికి వెళ్ళి, వచ్చిన కథలు దిద్దేదాన్ని. ఏ కథకు ఎలాంటి బొమ్మ కావాలో కాగితం మీద రాసి కోరుట్లలోని ఆర్టిస్టుకు పంపడం కూడా నా పనే. ఆ కాగితాలను మేం బొమ్మల చీటీలనేవాళ్ళం.

ప్రత్యేక రాష్ట్రం ఇస్తామన్న ప్రకటన వచ్చి, మళ్ళీ వెనక్కి పోయిన చలికాలం అది. ఒకరోజు బందు, ఒకరోజు రాస్తారోకో. బస్సులు తిరిగితే తిరిగినట్టు, లేకుంటే లేదు. బడులు మూతపడి పిల్లలంతా ఇళ్ళల్లోనే ఉన్నారు. "పిల్లలకు ఏం తోస్తలేదు. ఈసారి దయ్యాల కథల సంచిక తీద్దాం" అన్నారు సారు. కానీ వెంటనే ఒక షరతు పెట్టారు. అంతకుముందు ఏడాది మేం వేసిన ఒక దయ్యం కథలో తెగిన చెయ్యి, కారుతున్న రక్తం బొమ్మ పడింది. తంగళ్ళపల్లి నుంచి సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, పనిచేసే ఒకాయన ఆ పుస్తకం పట్టుకుని సారు ఇంటిదాకా వచ్చాడు. కోపం చేయలేదు. పుస్తకం బల్ల మీద పెట్టి, "సారూ, గీ పుస్తకం ఇంట్ల ఉన్నన్ని దినాలు మా బిడ్డ పండుకుంటలేదు. మీదగ్గర్నే ఉండనీయుండ్రి" అని చెప్పి పోయాడు. ఆ మాట సారుకు బాగా తగిలింది.

"రక్తం వద్దు, కోరలు వద్దు, పుర్రెలు వద్దు. పిల్లలకు భయం కావాలె, కానీ దుప్పటి కప్పుకుని నవ్వుకునేటంత భయమే కావాలె" అన్నారు.

నేను రాసిన మొదటి చీటీలో, "బొమ్మ చాలా భయంకరంగా ఉండాలి, ఒళ్ళు గగుర్పొడవాలి, కానీ రక్తం ఉండకూడదు" అని ఉంది. వారం తర్వాత కోరుట్ల నుంచి బొమ్మ వచ్చింది. రక్తం లేదు, నిజమే. కొండంత పుర్రె, దాని కళ్ళల్లోంచి పాములు. సారు దాన్ని చూసి కవర్లో పెట్టేసి, "నువ్వే పోయి మాట్లాడు" అన్నారు.

ఆర్టిస్టుకు అప్పటికి అరవై దగ్గర పడుతున్నాయి. నేను చాచా అని పిలిచేదాన్ని. వయసులో ఉన్నప్పుడు సినిమాల గోడ ప్రకటనలు వేసేవాడట. తర్వాత దుకాణాల బోర్డులు. ఫ్లెక్సీలు వచ్చాక అవీ తగ్గిపోయాయి. నేను వెళ్ళిన రోజు దుకాణం నిండా ఉద్యమం బ్యానర్లే. తడి రంగు వాసనలో, బట్టల మధ్య దారి చేసుకుంటూ లోపలికి వెళ్ళాను. మూల స్టూలు మీద ఎవరో నడివయసు మనిషి కూర్చుని చాయ్ తాగుతున్నాడు. నన్ను చూసి గ్లాసు పక్కన పెట్టి, చేతిలోని పేపర్ విప్పుకున్నాడు.

చాచా నా చీటీ తీసి నా ముందే చదివాడు. తెలుగు అక్షరాలు అచ్చు కంటే అందంగా రాసేవాడు గానీ, చదివేటప్పుడు ఒక్కో మాట ఆగి చదివేవాడు.

"భయంకరంగ ఉండాలె అని రాసినవ్ బేటా. గది నీ మనసుల ఉన్న మాట. నా బ్రష్‌కు ఎట్ల తెలుస్తది? ఏం కనపడాలెనో రాయి. ఏం కనపడద్దో గది గుడ రాయి. వెలుగు ఎటు దిక్కు నుంచి వస్తుందో రాయి. మిగిలింది నేను చూసుకుంట."

ఒక దళసరి కాగితం తీసి తడి గుడ్డతో తడిపాడు. నల్ల సిరాను మూతలో నీళ్ళతో పలచగా కలిపి కుంచెతో ఒక గీత గీశాడు. తడి కాగితం మీద ఆ గీత అంచులు కరిగి పొగలా పాకాయి. ఆ కాగితం ఆరేదాకా ఊరుకున్నాడు. ఆరాక దాని మీద చిక్కటి సిరాతో ఒక గడప, సగం తెరిచిన తలుపు వేశాడు. అంతే. తలుపు సందులో ఏమీ లేదు, తెల్ల కాగితమే. కానీ నేను ఆ సందులోకే చూస్తూ ఉండిపోయాను.

"దగ్గరిది నలుపు, దూరపుది బూడిద, ఇంక దూరపుది ఉత్త కాగితం. మంచు అంటే గంతే. మంచును ఎవ్వలు గియ్యరు బేటా, వదిలిపెడతరు" అన్నాడు.

అక్కడి నుంచి నా చీటీలు మారాయి. రాయడానికి కాగితం మాత్రం దొరకడం లేదు. బందులతో స్టేషనరీ దుకాణాలు సగం రోజులు మూసే ఉండేవి. సారు ముందుగదిలో కాలేజీ పిల్లలు పెట్టిపోయిన కరపత్రాల కట్టలున్నాయి. ఒక వైపు రాస్తారోకో పిలుపు, రెండో వైపు ఖాళీ. నేను ఆ ఖాళీ వైపున రాయడం మొదలుపెట్టాను. అది తప్పు అవుతుందని నాకు గానీ సారుకు గానీ తోచలేదు.

ఆ సంచికకు నేను రాసిన పెద్ద కథ ఒకటుంది. నలుగురు పిల్లలు తెల్లవారుజామున ట్యూషన్‌కు బయలుదేరుతారు. మంచులో వంతెన దాటుతుంటే వెనక నుంచి చెరుకు లారీ వస్తుంది. దాని లైట్ల వెలుగులో తమ నీడలు ముందుకు పడతాయి. చిన్నది లెక్కపెడితే నీడలు ఐదుంటాయి. ఆ ఐదో నీడ ఎవరిదంటే, పోయినేడు వాగులో పోయిన వాళ్ళ నేస్తంది. వంతెన దాటించి వెళ్ళిపోతుంది. చెడు చేసే దయ్యం కాదు. ఆ కథకు నేను రాసిన చీటీ నాకు ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

"వంతెన. ఇంకా తెల్లవారలేదు. దట్టమైన మంచు. మనుషులు నలుగురు, వెనక నుంచి లారీ లైటు. ముఖాలు ఎవరివీ తెలియకూడదు. నీడలు మాత్రం ఐదు. ఐదోవాడు ఎక్కడా కనిపించకూడదు. రక్తం చుక్క కూడా వద్దు. చూసినవాళ్ళు మొదట గమనించకూడదు, తర్వాత లెక్కపెట్టుకుని భయపడాలి."

ఆ వారం బస్సులు లేవు. పాల వ్యాన్లను మాత్రం ఎవరూ ఆపేవారు కాదు. మా వాడకు పాలు వేసే వ్యాను డ్రైవరు రోజూ కోరుట్ల దాకా వెళ్ళేవాడు. కవరు అతని చేతికిచ్చి చాచా దుకాణంలో వేయమన్నాను. "ఇచ్చెయ్ అక్కా, దాంట్లె ఏముంది" అని సీటు వెనక దోపుకున్నాడు.

మరుసటి రోజు చాచాకు ఫోన్ చేస్తే స్విచ్ఛాఫ్ వచ్చింది. సాయంత్రం దాకా అదే. ఆ తర్వాతి రోజు పాల వ్యానూ రాలేదు. పదకొండు గంటలప్పుడు నేను సారు ఇంట్లో ప్రూఫులు చూస్తుంటే వాకిట్లో జీపు ఆగింది. కోరుట్ల స్టేషన్ నుంచి ఎస్సై, ఒక కానిస్టేబులు దిగారు.

ఎస్సై కూర్చోలేదు. మూడు కాగితాలు నా ముందున్న ప్రూఫుల మీద పరిచాడు.

"గీ రాత ఎవలది?"

"నాదే సార్."

"పాల వ్యాన్ల ఇది దొరికింది" అని వంతెన చీటీ పైకెత్తి చదివాడు. చీటీని అలా పోలీసు గొంతులో విన్నప్పుడు నాకే అది కుట్రలా తోచింది. వంతెన, తెల్లవారకముందు, నలుగురు మనుషులు, ముఖాలు తెలియకూడదు. చదవడం అయ్యాక కాగితం తిప్పి నాకు చూపించాడు. వెనక పెద్ద అక్షరాలతో రాస్తారోకో పిలుపు.

"వంతెన ఏది? నలుగురు ఎవలు? గా ఐదోవాడు ఎవడు?"

"సార్, అది కథకు వేసే బొమ్మ గురించి. పిల్లల కథ" అన్నాను. నా గొంతు నాకే అబద్ధం చెబుతున్నట్టుగా వినిపించింది.

"పిల్లల కథల రక్తం ముచ్చట ఎందుకొచ్చింది?"

"వద్దని రాసిన సార్."

"వద్దని ఎందుకు రాస్తరు? వస్తదని అనుకుంటెనే గదా వద్దనేది."

సారు కల్పించుకుని పాత పుస్తకాలు చూపించారు. ఎస్సై నాలుగు పేజీలు తిప్పి పక్కన పెట్టాడు. మిగతా రెండు చీటీలు ముందుకు జరిపాడు. ఒకటి పాత కథది. రెండోది, "చింతచెట్టు వెనక ఎవరో ఉన్నట్టుండాలి. మనిషిని చూపవద్దు. కొమ్మ ఊగినట్టు, ఆకులు రాలినట్టు ఉంటే చాలు. చెట్టు ముందు ఖాళీ చెప్పులు ఒక జత" అని రాసింది. ఆ చీటీ నేను ఏ వ్యానులోనూ పంపలేదు. దుకాణానికి మళ్ళీ ఒకసారి వెళ్ళినప్పుడు చాచా చేతికి నేనే ఇచ్చాను.

"పుస్తకం శుక్రవారం సిరిసిల్లకు పోతదంట గద? ప్రెస్సు ఎవలదో గుడ తెలుసు మాకు" అన్నాడు ఎస్సై. "పెయింటర్ మాదగ్గర్నే ఉన్నడు. రేపు పది గంటలకు స్టేషన్‌కు రాండ్రి."

జీపు పోయాక సారు తలుపు దగ్గరగా వేశారు. "అన్నీ ఆయనే చెప్పినట్టున్నది" అన్నారు మెల్లగా. నేను బల్ల మీది ప్రూఫులు సర్దుకున్నాను.

ఆ రోజంతా నేను చాచాను అనుమానించాను. ఆ సంగతి దాచి రాయలేను. మూల స్టూలు మీద చాయ్ తాగిన మనిషి గుర్తొచ్చాడు. పేపర్ విప్పుకున్నాడు గానీ ఒక్క పేజీ తిప్పలేదు. చాచా ఆయన్ని నాకు పరిచయం చేయలేదు. "పుస్తకం ఎప్పుడు అచ్చుకు పోతది? సిరిసిల్లకు ఎవలు తీస్కపోతరు?" అని చాచా అడగడం గుర్తొచ్చింది. బొమ్మలు ఎప్పటికి కావాలో తెలుసుకోవడానికి ఆర్టిస్టు అడగాల్సిన మాటే అది. ఆ రోజు మాత్రం నాకు అది కూపీ తీసినట్టు వినిపించింది. ఫోన్ ఎందుకు తీయలేదు? మా సంగతి చెప్పి తను బయటపడాలనుకున్నాడేమో. ఆయన మతాన్ని కూడా నా మనసు ఒక్క క్షణం ఆ లెక్కలోకి తెచ్చింది. వెంటనే సిగ్గుపడ్డాను గానీ, వచ్చిన మాట వచ్చింది.

ఇంట్లో అమ్మ చేట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతోంది. సంగతి చెప్పేసరికి ఆమె చెయ్యి ఆగిపోయింది.

"నీకెందుకు బిడ్డా గీ దయ్యాల రాతలు? బతికున్నోళ్ళతోనే చాలయితలేదా మనకు?"

"రేపు పోయి చెప్పొస్త అమ్మా."

"ఏం చెప్తవ్? మనం చెప్తె ఎవలింటరు? గా సారును ముందట నిలవెట్టు. నువ్వు ఎనుక ఉండు."

కాసేపటికి వీధిలో ఎవరో ఆగి మా ఇంటి వైపు చూశారని చెప్పి తలుపు గడియ పెట్టింది. నేను కిటికీలోంచి చూస్తే, ఆ మనిషి మా పక్కింటాయనే. మాతో రోజూ మాట్లాడేవాడే. ఆయనా మా వాకిలిని కొత్తగా చూస్తున్నాడు. జీపు వచ్చిన సంగతి అప్పటికే వాడంతా తెలిసిపోయింది.

పొద్దున సారు, నేను మోటార్ సైకిల్ మీద కోరుట్ల వెళ్ళాం. దారిలో రెండుచోట్ల రోడ్డుకు అడ్డంగా టైర్లు కాలిన మసి. మంచు ఇంకా విడవలేదు. ఎదురుగా వచ్చే మనిషి ముందు బూడిద రంగు మరకలా కనిపించి, దగ్గరికొచ్చాక మనిషయ్యేవాడు. మామూలుగా అయితే దాన్ని చూసి చీటీ రాసుకునేదాన్ని.

స్టేషన్ వరండాలో పాల వ్యాను డ్రైవరు గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నన్ను చూసి ముఖం తిప్పుకున్నాడు. లోపల బెంచీ మీద చాచా. గడ్డం మాసి, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నన్ను చూడగానే నవ్వాడు. నేను నవ్వలేదు.

ఎస్సై సారుతో మాట్లాడుతుండగా నేను మెల్లగా బెంచీ దగ్గరికి వెళ్ళి అడిగాను. "చాచా, చింతచెట్టు చీటీ వీళ్ళ దగ్గరికి ఎట్లొచ్చింది?"

"నేనే తెచ్చిచ్చిన."

అంత సూటిగా చెబుతాడని నేననుకోలేదు. చాచానే మాట్లాడాడు.

"డ్రైవర్ను పట్టుకున్నరని దుకాణం పక్కోళ్ళు చెప్పిండ్రు. గానికి చిన్న పిల్లలున్నరు. నీ ఒక్క చీటీ చూస్తె ఎవలకైన షక్ వస్తది, అనుమానం వస్తది బేటా, నాకే వచ్చేది. అందుకని నీ చీటీలన్ని తీస్కొని, వాటికి నేనేసిన బొమ్మలు గుడ తీస్కొని మొన్ననే ఈడికచ్చిన. చీటీ పక్కన బొమ్మ పెట్టి చూపిస్తె సమజ్ అయితదనుకున్న. వీళ్ళు చీటీలు చూసిండ్రు, బొమ్మలు చూస్తలేరు. నన్ను గుడ కూసొమ్మన్నరు. ఫోన్ గుంజుకున్నరు."

"సిరిసిల్ల సంగతి?"

"ప్రెస్సుకు పోయేవి అని నేనే చెప్పిన. దాచేది ఏమున్నది? దాస్తె ఇంకింత అనుమానం."

స్టూలు మీద మనిషి గురించి కూడా అడిగాను. అప్పటికీ నా అనుమానం పూర్తిగా వదలలేదు మరి. చాచా గొంతు తగ్గించాడు. "గాయినెనా? మఫ్టీల ఉండే పోలీసోడు. బ్యానర్లు ఎవలు రాపిస్తున్నరో చూసేతందుకు దినాం వస్తడు. నాకు తెల్సని ఆయినెకు తెల్సు. చాయ్ పోస్త, తాగి పోతడు."

ఎస్సై మమ్మల్ని పిలిచాడు. బల్ల మీద చీటీలు ఒక వైపు, చాచా తెచ్చిన పాత బొమ్మలు ఇంకో వైపు ఉన్నాయి. వంతెన చీటీ మాత్రం విడిగా ఎస్సై చేతిలో.

"వీటన్నిటికి బొమ్మలున్నయి. దీనికి లేదు" అన్నాడు.

"అది నాకు ముట్టనే లేదు గద సాబ్" అన్నాడు చాచా. "మీదగ్గర్నే ఉండె."

ఎస్సై ఒకసారి చాచా వైపు, ఒకసారి నా వైపు చూశాడు. "అయితె ఈడ్నే వెయ్యి. ఈమె నీకేం చెప్పద్దు. కాగితంల ఉన్నదే చూసి వెయ్యాలె."

నన్ను బల్లకు దూరంగా, గుమ్మం దగ్గర నిలబెట్టారు. చాచాకు తన కుంచెలు లేవు. స్టాంపుల కోసం ఉంచిన సిరా సీసా, ఒక ప్లాస్టిక్ గ్లాసులో నీళ్ళు, చొక్కా జేబులో ఎప్పుడూ ఉండే నల్ల పెన్ను. స్టాంపు సిరా ఊదా రంగుది. కాగితం ఫైళ్ళ అట్ట. చాచా అట్టను వేలితో తడిమి చూసి, జేబు రుమాలు నీళ్ళలో ముంచి పై సగం మాత్రం తడిపాడు. అదే రుమాలు కొసను సిరాలో అద్ది తడి మీద ఆనించాడు. ఊదా రంగు మెల్లగా పాకింది.

అప్పుడు ఆగి, చీటీ మళ్ళీ చదివి అన్నాడు. "ఈడ ఒక తప్పున్నది సాబ్. చిక్కటి మంచుల నీడ నేల మీద సాఫ్‌గ పడది. మంచు ఎనుక పెడత, ముందట రోడ్డు సాఫ్‌గ ఉంచుత. అప్పుడు నీడలు నిలుస్తయి."

ఎస్సై నా వైపు చూశాడు. నేను తప్పు రాశానని ఒప్పుకున్నట్టు తలూపాను. ఆ తల ఊపడం వాంగ్మూలం కన్నా ఎక్కువ పనిచేసిందని తర్వాత సారు అనేవారు.

చాచా అట్ట కింది సగం పొడిగా ఉంచాడు. లారీ లైట్లు రెండు, తడి ఆరకముందే రుమాలుతో అద్ది సిరా పీల్చేసి గుండ్రంగా తెల్లగా వదిలాడు. ఆరేదాకా చాచా చేతులు కట్టుకుని కూర్చున్నాడు. అందరం ఊరికే నిలబడ్డాం. ఒక కానిస్టేబులు వచ్చి ఫ్యాను వేస్తే, "వద్దు బాబూ, తొందరగ ఆరితె అంచులు తేలుతయి" అన్నాడు. కానిస్టేబులు ఫ్యాను కట్టేశాడు.

తర్వాత పెన్నుతో, పిల్లల పుస్తకం కదా అని, నలుగురు పిల్లలను వేశాడు. మెడలు లోపలికి ముడుచుకుని, వీపున సంచులు. ముఖాల చోట ఏమీ లేదు. వెలుగు వెనక నుంచి కాబట్టి ముఖాలు చీకట్లోనే. ఒక్కొక్కరి కాళ్ళ దగ్గర నుంచి ముందుకు నీడ లాగాడు. కాళ్ళ దగ్గర చిక్కగా, ముందుకు పోయే కొద్దీ చుక్కలుగా విడదీసి పలచగా. నాలుగు నీడలయ్యాక పెన్ను మూత పెట్టబోయినట్టు ఆగాడు. మళ్ళీ తీసి, చివరి పిల్ల పక్కన ఖాళీ రోడ్డు మీద ఐదోది లాగాడు. ఆ నీడ మొదలైన చోట కాళ్ళు లేవు. మిగతా నీడలతో పాటు నడుస్తోంది. దాని చెయ్యి నీడ చివరి పిల్ల చేతి నీడను పట్టుకుని ఉంది.

ఆ చెయ్యి గురించి నా చీటీలో లేదు. చాచాకు కథ తెలియదు. అయినా ఆ నీడ చెడ్డది కాదని ఆయనకు ఎలాగో తెలిసింది.

ఫ్యాను కట్టేసిన కానిస్టేబులు వంగి చూస్తూ, వేలితో గాలిలో లెక్కపెట్టాడు. రెండోసారి కూడా లెక్కపెట్టాడు. "సార్, మనుషులు నలుగురే ఉన్నరు" అన్నాడు ఎస్సైతో, నెమ్మదిగా.

ఎస్సై చాలాసేపు చూశాడు. "గా ఐదోది ఎవలిది?" అని అడిగాడు. ముందురోజు సారు ఇంట్లో అడిగిన మాటే. గొంతు వేరుగా ఉంది. నేను గుమ్మం దగ్గర నుంచే కథ చెప్పాను. వాగు, నేస్తం, వంతెన. అడ్డం రాకుండా విన్నాడు.

డ్రైవర్ను ఆ మధ్యాహ్నమే వదిలేశారు. చాచా ఫోను ఇచ్చేశారు. మా దగ్గర మాత్రం కాగితం మీద సంతకాలు తీసుకున్నారు. కరపత్రాల వెనక ఏమీ రాయబోమని, పుస్తకం అచ్చయ్యాక ఒక ప్రతి స్టేషన్‌కు పంపుతామని. వంతెన బొమ్మను ఎస్సై ఫైల్లో పెట్టుకున్నాడు. "కేసు లేదు. కాని ఇది ఉండనీ" అన్నాడు. ఎందుకు ఉండాలో చెప్పలేదు.

చాచా ఇంటికి వెళ్ళి అదే బొమ్మ మళ్ళీ వేశాడు, మంచి కాగితం మీద నల్ల సిరాతో. శుక్రవారం కాదు గానీ మంగళవారం నేను, చాచా సిరిసిల్ల వెళ్ళాం. సారు పాత విద్యార్థి ఒకతను అక్కడ చీరల లేబుళ్ళు అచ్చువేసే ప్రెస్సు నడిపేవాడు. చుట్టూ సాంచాల చప్పుడు. ప్రెస్సు గుమ్మానికి ఎదురుగా టీ బండి దగ్గర ఒకతను నిలబడి మా వైపే చూస్తున్నాడు. చాయ్ తాగడం లేదు. నేను చాచాను చూశాను. "చూడనీయి" అన్నాడు.

మొదటి ప్రూఫు తీసేసరికి మంచు మొత్తం ఎగిరిపోయింది. వెనక లారీ, వంతెన రెండూ తెల్లగా మాయమయ్యాయి. ముందు నీడలేమో ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి నల్ల మడుగయ్యాయి. ఐదు కాదు కదా, ఒక్కటీ తెలియడం లేదు.

"మేడం, మాది చవక కాగితం. లేత బూడిద నిలువది, ఎగిరిపోతది. ముదురుది సిరా పీల్చుకుని మూసుకపోతది" అన్నాడు ప్రెస్సతను.

చాచా అక్కడే కూర్చుని బొమ్మను మూడోసారి వేశాడు, ఈసారి నీళ్ళ సిరా లేకుండా ఉత్త పెన్ను చుక్కలతో. దగ్గర చుక్కలు దగ్గర దగ్గరగా, దూరమయ్యే కొద్దీ ఎడంగా. నీడకూ నీడకూ మధ్య సన్నటి తెల్ల సందు వదిలాడు. చుక్క చుక్కగా నల్లనిది కాబట్టి అచ్చులో నిలిచింది. నాలుగు గంటలు పట్టింది. ఆ నాలుగు గంటలూ నేను ఎదురుగా కూర్చున్నాను. నా మనసులో ఉన్న మాట అక్కడే చెప్పాను.

"చాచా, పోలీసులకు మీరే చెప్పిండ్రని అనుకున్న. ఒకరోజంత అనుకున్న."

చాచా చుక్కలు పెట్టడం ఆపలేదు. "తెలుసు బేటా. స్టేషన్ల నువ్వు నవ్వలే గద" అన్నాడు. కాసేపటికి తల ఎత్తకుండానే అన్నాడు, "నేను గుడ అనుకున్న. నన్ను విడువకపోతె, నువ్వే దొరికి నా పేరు చెప్పినవేమో అనుకున్న. సారు నన్ను విడిపించరు, నిన్నే విడిపించుకుంటరు అనుకున్న. బెంచీ మీద కూసుంటె గిట్లాంటివే వస్తయి."

ప్రెస్సతను చాయ్ తెప్పించాడు. ఎదుటి బండి నుంచే. తెచ్చి ఇచ్చింది ఇందాక మమ్మల్ని చూస్తూ నిలబడినతనే. అతను ఆ బండి యజమాని. గిరాకీ లేక మా వైపు చూస్తున్నాడట.

సంచిక వారం ఆలస్యంగా వచ్చింది. పిల్లల నుంచి ఉత్తరాలు వచ్చాయి. బోయినపల్లి నుంచి ఒక పిల్ల, ఐదో నీడకు చెప్పులు ఉన్నాయా అని రాసింది. మేం మాట ఇచ్చినట్టే ఒక ప్రతి కోరుట్ల స్టేషన్‌కు పంపించాం. జవాబు రాలేదు. పాల వ్యాను డ్రైవరు మళ్ళీ మా వాడకు రావడానికి నెల పట్టింది. నా దగ్గర కవర్లు మాత్రం ఇంకెప్పుడూ తీసుకోలేదు. నేనూ అడగలేదు. పక్కింటాయన మామూలుగా మాట్లాడటానికి ఇంకా ఎక్కువ రోజులు పట్టింది.

చాచాతో ఇంకో నాలుగేళ్ళు పనిచేశాను. ఆయనకు నేను రాసే చీటీలు ఆ తర్వాత బాగా పొడుగయ్యాయి. మొదట కథ మొత్తం రాసి, ఆ తర్వాతే బొమ్మ ఎలా ఉండాలో రాసేదాన్ని. దయ్యం ఎవరో, ఎందుకొచ్చిందో, ఎవరికి ఏమవుతుందో, అంతా. అంత అవసరం లేదని చాచా చెప్పేవాడు. చదవడానికి పొద్దంతా పడుతుందనేవాడు. అయినా, చీటీ మళ్ళీ ఎవరి చేతిలో పడుతుందో అని నేను మానలేదు.